రెండు నిమిషాలకో చెంచా

పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయంటే ఇంట్లో ముందు మొదలయ్యేది లెక్క. పొద్దుటి నుంచి ఎన్నిసార్లయ్యాయి, రాత్రి ఎన్నిసార్లు లేచాడు అని. ఆ లెక్క అవసరమే, డాక్టరు కూడా అడుగుతారు. అయితే ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో ఆ అంకె చెప్పదు. ఏడెనిమిదిసార్లు కొద్దికొద్దిగా వెళ్లిన పాప మధ్యాహ్నానికి బొమ్మలతో ఆడుకుంటూ ఉండొచ్చు. నాలుగుసార్లు నీళ్లు గుమ్మరించినట్టు వెళ్లిన బాబు సాయంత్రానికి మెడ వాల్చేయొచ్చు. నీళ్ల విరేచనాల జబ్బులో చాలావరకు ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయిన నీరూ, దాంతో పాటు పోయిన లవణాలూ. కాబట్టి పోయినదెంతో అంచనా వేయగలిగితే, దాన్ని తిరిగి నింపే దారి దొరుకుతుంది. ఈ అంచనాకు రక్తపరీక్ష అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతినే మన పీహెచ్‌సీల్లో, ఆశా కార్యకర్తల శిక్షణలో నేర్పుతున్నారు. నాలుగు చోట్ల శ్రద్ధగా చూడటం, అంతే. ఆ నాలుగూ ప్రతి తల్లికీ తెలిసి ఉండాలని నా కోరిక.

మొదటిది పిల్లవాడి తీరు. మామూలుగా ఉన్నాడా? ఎత్తుకున్నా ఊరుకోకుండా, పాలిచ్చినా వదిలేస్తూ చిరాకుపడుతున్నాడా? లేక పిలిచినా పలకకుండా, చిటికె వేసినా చూడకుండా మగతగా పడి ఉన్నాడా? పెద్దవాళ్లు తరచూ పొరపడేది ఇక్కడే. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి ఉన్నవాడు ఒక్కసారిగా సద్దుమణిగితే 'హమ్మయ్య, నిద్రపోయాడు' అనుకుంటారు. లేపితే లేచి, అమ్మ ముఖం చూసి గుర్తుపడితే అది నిద్ర. లేపినా కళ్లు తేలేస్తూ మళ్లీ వాలిపోతే అది ప్రమాదం.

రెండోది కళ్లు. గుంటలు పడ్డాయా అన్నది చూడాలి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే కళ్లు కాస్త లోతుగా ఉంటాయి కాబట్టి, బయటి నుంచి వచ్చిన డాక్టరుకన్నా తల్లి చూపే ఇక్కడ నమ్మదగినది. 'రోజూ ఇలాగే ఉంటాయా, ఇవాళ లోపలికి పోయాయా' అని తల్లిని అడగమని శిక్షణలో చెప్పేది అందుకే.

మూడోది దాహం. చెంచాతో నీళ్లు పట్టించి చూడాలి. మామూలుగా తాగితే సరే. చెంచా వెనక్కి తీస్తుంటే దాన్ని పట్టుకుని లాక్కుంటూ, గిన్నె కేసి చేతులు చాస్తూ ఆత్రంగా తాగితే ఒంట్లో నీరు తగ్గినట్టు. అసలు తాగలేకపోతే, పోసిన నీళ్లు పెదవుల పక్కనుంచి కారిపోతుంటే స్థితి ఇంకా కిందికి దిగజారినట్టు. దాహం వేయడం ఒక దశ, దాహం తీర్చుకునే శక్తి కూడా పోవడం ఆ తర్వాతి దశ.

నాలుగోది చర్మం. దీన్ని పరీక్షించే పద్ధతి సరిగ్గా తెలియక చాలామంది చేతి మీదో, బుగ్గ మీదో గిల్లి చూస్తారు. అలా కాదు. బిడ్డను అమ్మ ఒడిలోనో, మంచం మీదో వెల్లకిలా పడుకోబెట్టాలి. బొడ్డుకూ, పొట్ట పక్క అంచుకూ సరిగ్గా మధ్యలో బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్ని మడతగా పైకెత్తాలి. వేళ్ల కొసలతో గిల్లితే బిడ్డకు నొప్పి పుడుతుంది, అందుకే వేళ్ల మెత్తటి భాగంతో పట్టుకోవాలి. మడత తల నుంచి కాళ్ల వైపు నిలువుగా ఉండాలి, అడ్డంగా కాదు. ఒక్క సెకను పట్టుకుని వదిలేయాలి. వెంటనే సర్దుకుంటే బాగున్నట్టు. మడత కళ్లకు కనిపించేంతగా కాస్త నిలిచి సర్దుకుంటే నీరు తగ్గినట్టు. రెండు సెకన్లు దాటినా అలాగే నిలిచి ఉంటే తీవ్రంగా తగ్గినట్టు.

ఈ నాలుగింటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన తీర్పు చెప్పకూడదు. కనీసం రెండు కలవాలి. చిరాకు, గుంటకళ్లు, ఆత్రంగా తాగడం, నెమ్మదిగా సర్దుకునే చర్మం, వీటిలో ఏ రెండున్నా నీరు కొంత తగ్గినట్టు. మగత, గుంటకళ్లు, తాగలేకపోవడం, రెండు సెకన్లు దాటి నిలిచే మడత, వీటిలో ఏ రెండున్నా తీవ్రంగా తగ్గినట్టు. ఏవీ లేకపోతే విరేచనాలున్నా ఇంకా నీరు కొరత పడలేదన్నమాట. ఈ మూడు స్థితులకూ మూడు వైద్య పద్ధతులున్నాయి. ఆస్పత్రి వాళ్లు వాటిని ప్లాన్ ఎ, ప్లాన్ బి, ప్లాన్ సి అంటారు. వీటిలో బాగా అర్థం చేసుకోవాల్సింది మధ్యది, ప్లాన్ బి. సరిగ్గా చేస్తే సెలైన్ అవసరం లేకుండా బిడ్డ ఇంటికి వెళ్లేది దాంతోనే. ఓపిక లేక మధ్యలో వదిలేసేదీ దాన్నే.

నాలుగు గంటల పని

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తొలకరి వానలు పడి కుళాయి నీళ్లు రంగు మారిన రోజులు. పదకొండు నెలల బాబు, బరువు 8 కిలోలు. నిన్న రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు, రెండుసార్లు వాంతి. అమ్మ, నానమ్మ కలిసి పీహెచ్‌సీకి తీసుకొచ్చారు. బాబు చిరాగ్గా ఏడుస్తున్నాడు. 'నిన్న ఇలా లేవు సిస్టర్, కళ్లు పీక్కుపోయాయి' అంది అమ్మ. చెంచాతో నీళ్లిస్తే ఆబగా తాగాడు. పొట్ట మీద చర్మం కాస్త నెమ్మదిగా సర్దుకుంది. మగత లేదు, తాగగలుగుతున్నాడు. మలంలో రక్తం లేదు. అంటే నీరు కొంత తగ్గింది. ప్లాన్ బి.

ఇప్పుడు ఎంత ఇవ్వాలి? కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్ఎస్, నాలుగు గంటల్లో. ఈ 75 ఎక్కడిదంటే, ఈ దశలో ఉన్న పిల్లలు తమ బరువులో నూటికి 5 నుంచి 10 వంతుల నీరు పోగొట్టుకుని ఉంటారు. అంటే కిలోకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు. దాని నడిమి లెక్క 75. మన బాబుకు ఎనిమిది డెబ్బై ఐదులు, 600 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకు పంచితే గంటకు 150.

ఆ 150 మిల్లీలీటర్లను గ్లాసులో పోసి ఒక్కసారిగా పట్టిస్తే బాబు కక్కేస్తాడు. అమ్మ బెదిరిపోతుంది. 'నోట్లో ఏమీ నిలవట్లేదు, సెలైన్ పెట్టించండి' అంటుంది నానమ్మ. ఓఆర్ఎస్ పనిచేయలేదని జనం చెప్పే సందర్భాల్లో చాలా వాటి వెనక ఉండేది ఈ తొందరే. 5 మిల్లీలీటర్ల టీ చెంచాతో రెండు నిమిషాలకొకసారి ఇచ్చి చూడండి. గంటకు ముప్పై చెంచాలు, సరిగ్గా 150 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకు 600. లెక్క అంత చక్కగా కుదురుతుంది. పొట్ట నిండా ఒకేసారి పడకపోవడం వల్ల వాంతి అవకాశం తగ్గుతుంది, పేగు కూడా వచ్చింది వచ్చినట్టు పీల్చుకుంటుంది. పాలసీసాతో పట్టకూడదు. శుభ్రమైన గిన్నె, చెంచా చాలు.

అయినా వాంతి అయితే? పది నిమిషాలు ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి. ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, మూడు నిమిషాలకో చెంచా. వాంతి చేసుకున్నాడని మానేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు. కక్కింది చూడటానికి ఎక్కువగా కనిపిస్తుంది గానీ, అంతకుముందు తాగినదాంట్లో చాలా భాగం అప్పటికే పేగులోకి దిగి ఉంటుంది. బిడ్డ 600 కన్నా ఎక్కువ అడిగితే ఇవ్వొచ్చు. తల్లిపాలు మధ్యమధ్యలో తాగినన్ని తాగనివ్వాలి, ఆపకూడదు.

గంట గంటకూ బాబును చూస్తూ ఉండాలి. కంటి రెప్పలు ఉబ్బినట్టు కనిపిస్తే నీరు ఎక్కువైందని గుర్తు. అప్పుడు ఓఆర్ఎస్ ఆపి తల్లిపాలు, మామూలు మంచినీళ్లు ఇవ్వాలి. ఆ ఉబ్బు తగ్గాక మళ్లీ విరేచనానికి ఇంత చొప్పున ఓఆర్ఎస్ మొదలుపెట్టొచ్చు. 

నాలుగు గంటలు గడిచాయి. మళ్లీ అవే నాలుగు చూడాలి, మొదటి నుంచి. మన బాబు ఏడుపు ఆపాడు, అమ్మ గాజులతో ఆడుతున్నాడు. చర్మం వెంటనే సర్దుకుంది. చెంచా అందిస్తే ముఖం తిప్పుకుంటున్నాడు. మూత్రం కూడా పోశాడు. ఇంకా విరేచనాలు అవుతూనే ఉన్నాయి, అయినా నీటి కొరత తీరింది. ఇక ప్లాన్ ఎ మీద ఇంటికి పంపవచ్చు. కొరత లక్షణాలు ఇంకా ఉంటే ఇంకో నాలుగు గంటలు ప్లాన్ బి, ఈసారి కాస్త తిండి కూడా పెడుతూ. మగత మొదలైతే వెంటనే ప్లాన్ సి.

ఈ చివరి మాట మరోసారి చెప్పాలి. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపే మందు కాదు. పోతున్నదాన్ని నింపుతుంది, అంతే. విరేచనాలు వాటంతట అవి కొద్దిరోజుల్లో తగ్గుతాయి. 'రెండు ప్యాకెట్లు తాగించాం, ఇంకా ఆగలేదు' అని మందుల షాపుకెళ్లి విరేచనాలు బిగబట్టే బిళ్ల అడిగి తెచ్చి పసిపిల్లలకు వేస్తే పేగుల కదలిక స్తంభించి పొట్ట ఉబ్బవచ్చు, ప్రాణం మీదికే రావొచ్చు. చిన్నపిల్లలకు ఆ బిళ్లలు వద్దు. మలంలో రక్తం లేకుండా, కలరా అనుమానం లేకుండా ఉన్న మామూలు నీళ్ల విరేచనాలకు యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు.

ఇంటికెళ్లాక చేసేది తేలిక. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల పిల్లలకు 100 నుంచి 200. టీ గ్లాసుతో లెక్కపెట్టుకోవచ్చు. దీనికి తోడు ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ, పప్పుకట్టు మంచివే. ఆరు నెలలు నిండనివాళ్లకు మాత్రం తల్లిపాలు, ఓఆర్ఎస్ తప్ప ఇంకేమీ వద్దు. ఆ వయసు దాటినవాళ్లకు తిండి మానిపించకూడదు. లంకణం పరమౌషధం అన్న మాట పెద్దల జ్వరానికి ఎంత పనికొస్తుందో గానీ, విరేచనాలతో ఉన్న పసివాడికి పనికిరాదు. మెత్తటి అన్నం, పప్పు, కొద్దిగా నూనె, అరటిపండు పెడితే పేగు తొందరగా కోలుకుంటుంది. జింక్ బిళ్ల రోజుకొకటి, 14 రోజులు: ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల మధ్య 10. చెంచాడు తల్లిపాలలోనో మంచినీళ్లలోనో వేస్తే కరిగిపోతుంది. నాలుగో రోజుకు విరేచనాలు తగ్గగానే జింక్ ఆపేసే ఇళ్లే ఎక్కువ. మిగతా పది రోజుల బిళ్లలు వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు రాకుండా కాపాడేందుకు. వాటిని వృథా చేయకండి.

ప్యాకెట్టులో ఏముంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి కలిపే పొడిలో నాలుగే పదార్థాలు. మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. ఇందులో ప్రతిదానికీ ఒక పని ఉంది. ఉప్పు పోయిన సోడియాన్ని నింపుతుంది. విరేచనాల్లో పొటాషియం కూడా బాగా పోతుంది. అది తగ్గితే కండరాలు డీలాపడి, పొట్ట ఉబ్బి, పేగు కదలకుండా పోతుంది. సిట్రేట్ రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని తగ్గిస్తుంది. వెనకటి రోజుల్లో దాని బదులు వంటసోడా ఉండేది, తేమ తగిలి పొడి గడ్డకట్టి రంగు మారేది. సిట్రేట్ వచ్చాక ప్యాకెట్లు మన వానాకాలాన్ని కూడా తట్టుకుంటున్నాయి.

గ్లూకోజ్ ఉన్నది శక్తి కోసమని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరే. పేగు లోపలి పొరలో ఒక రకం తలుపులున్నాయి. అవి సోడియం ఒక్కటే వస్తే తెరుచుకోవు, గ్లూకోజ్ ఒక్కటే వచ్చినా తెరుచుకోవు. ఇద్దరూ చేయి చేయి పట్టుకుని వస్తేనే లోపలికి రానిస్తాయి. వాళ్ల వెనకే నీరు వెళుతుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి మొదట ప్రతిపాదించారు. కలరా లాంటి భయంకరమైన జబ్బులో మిగతా దారులు చెడిపోయినా ఈ దారి మాత్రం తెరిచే ఉంటుంది. అందుకే విరేచనాలు సాగుతూ ఉండగానే, నోటి ద్వారా ఇచ్చిన నీరు ఒంటికి పడుతుంది. ఓఆర్ఎస్ మొత్తం కథ ఈ ఒక్క తలుపు మీద నిలబడింది. సోడియం, గ్లూకోజ్ రెండూ లీటరుకు 75 మిల్లీమోల్‌ల చొప్పున సమానంగా ఉండటం కూడా దానికోసమే.

ఈ పాళ్లు ఒక్కసారిగా కుదరలేదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన పొడిని సంచుల్లో నింపించి, నీళ్లలో కలిపి, రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. అప్పటివరకు నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న శిబిరంలో ఆ మరణాలు నూటికి నలుగురి లోపుకు పడిపోయాయి. వైద్యుల చేతుల్లోంచి వైద్యాన్ని తల్లుల చేతుల్లోకి ఇచ్చిన మనిషి ఆయన. 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికుండగా ఇవ్వాల్సిన గౌరవం అది.

తర్వాత చాలా ఏళ్లు వాడిన పొడిలో లీటరుకు ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజ్ 20 గ్రాములు ఉండేవి. ఆ ద్రావణం గాఢత 311. రక్తం గాఢత సుమారు 290. నీరు ఎప్పుడూ పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు పోతుంది కాబట్టి, రక్తంకన్నా పలచగా ఉన్న ద్రావణంలోంచే నీరు తేలిగ్గా ఒంట్లోకి వెళుతుంది. అందుకే ఉప్పు, గ్లూకోజ్ తగ్గించి గాఢతను 245కు దించారు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఈ కొత్త సూత్రాన్ని సిఫారసు చేశాయి. మన దేశం కూడా దీన్నే అనుసరిస్తోంది. కలరా కాని విరేచనాలున్న పిల్లలలో కొత్త ద్రావణం వల్ల వాంతులు తగ్గాయి, మలం పరిమాణం తగ్గింది, మధ్యలో సెలైన్ పెట్టాల్సిన అవసరం మూడో వంతు దాకా తగ్గింది.

గాఢత సంగతి ఇంతగా చెప్పడానికి కారణం, ఇళ్లలో జరిగే అతిపెద్ద తప్పు కలపడంలోనే ఉంది. లీటరు ప్యాకెట్టును ఒక గ్లాసు నీళ్లలో, అంటే 200 మిల్లీలీటర్లలో కలిపారనుకోండి. గాఢత ఐదింతలై 1,225కు చేరుతుంది. రక్తంకన్నా నాలుగింతల చిక్కన. అప్పుడు నీరు లోపలికి వెళ్లే బదులు ఒంట్లోంచి పేగులోకి ఊరుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఉప్పు రక్తంలో చేరి సోడియం పెరిగిపోతుంది. బిడ్డకు దాహం తీరకపోగా ఇంకా పెరుగుతుంది, చిరాకు ఎక్కువవుతుంది, ముదిరితే ఫిట్స్ కూడా రావొచ్చు. 'మందు కాస్త చిక్కగా ఉంటే బలం' అన్న నమ్మకం ఇక్కడ ప్రాణాంతకం. మరీ పలచన చేసినా నష్టమే, నింపాల్సిన ఉప్పు అందదు.

షాపుల్లో లీటరు ప్యాకెట్లూ ఉన్నాయి, 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్నవీ ఉన్నాయి. ఎంత నీటిలో కలపాలో కవరు మీద ఉంటుంది. లీటరు ప్యాకెట్టయితే మొత్తం పొడిని మొత్తం లీటరులోనే కలపాలి. కొంచెం పొడి ఇప్పుడు, కొంచెం తర్వాత అని విడగొడితే నాలుగు పదార్థాలూ సమపాళ్లలో రావు. కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, కలిపాక మరగబెట్టకూడదు. చక్కెర, పాలు, పండ్లరసం జోడించకూడదు. కలిపాక ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే కన్నీళ్లకు మించిన ఉప్పదనం ఉండకూడదు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలుపుకోవాలి.

ప్యాకెట్టు దొరకని చోట లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చు. ఆపద గట్టెక్కించే ఉపాయమే అది. అందులో పొటాషియం లేదు, సిట్రేట్ లేదు. చెంచా కాస్త నిండుగా పడితే ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో ప్యాకెట్టు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఇంటి ద్రావణాన్ని ప్యాకెట్టు చేతికొచ్చే దాకా మాత్రమే వాడండి.

ఎక్కడ ఆగిపోవాలి

మగతగా ఉన్న బిడ్డ నోట్లో ఓఆర్ఎస్ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్లాన్ సి దశ, రక్తనాళంలోకి రింగర్ లాక్టేట్ ఎక్కించాలి. కిలోకు 100 మిల్లీలీటర్లు. ఏడాదిలోపు పిల్లలకు అందులో 30 మొదటి గంటలో, మిగతా 70 తర్వాతి ఐదు గంటల్లో. ఏడాది దాటినవాళ్లకు 30 అరగంటలో, 70 రెండున్నర గంటల్లో. మన 8 కిలోల బాబే ఆ స్థితిలో వచ్చి ఉంటే మొదటి గంటలో 240 మిల్లీలీటర్లు, తర్వాత 560 అన్నమాట. ఊళ్లలో 'గ్లూకోజ్ ఎక్కించారు' అని గర్వంగా చెప్పుకునే ఉత్త గ్లూకోజ్ సీసాలో సోడియం ఉండదు, ఈ పనికి అది సరిపోదు. సూది పెట్టలేని చోట ముక్కు గొట్టం ద్వారా ఓఆర్ఎస్ ఇచ్చే పద్ధతి ఉంది, దానికీ శిక్షణ పొందిన మనిషి కావాలి.

నాలుగు గుర్తులకూ పరిమితులున్నాయి. బాగా బక్కచిక్కిన పిల్లలకు చర్మం కింద కొవ్వు ఉండదు కాబట్టి నీరు తగ్గకపోయినా మడత నిలుస్తుంది, కళ్లు ఎప్పుడూ గుంటల్లోనే ఉంటాయి. బొద్దుగా ఉన్న పిల్లలకు నీరు బాగా తగ్గినా మడత వెంటనే సర్దుకోవచ్చు. తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నవాళ్లకు కిలోకు 75 చొప్పున నాలుగు గంటల్లో ఇస్తే గుండె మోయలేదు. వాళ్లకు ద్రావణం వేరు, వేగం వేరు, వైద్యం ఆస్పత్రిలోనే జరగాలి. రెండు నెలల లోపు శిశువుకు విరేచనాలైతే ఇంట్లో ప్రయోగాలు వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, పొట్ట ఉబ్బు, మూత్రం ఆరు గంటలుగా రాకపోవడం, ఏది తాగినా వాంతి, వీటిలో ఏది కనిపించినా అంతే.

ఇక షాపులో కొనేటప్పటి మాట. చాలా ఏళ్లు మన మందుల షాపుల్లో, ఓఆర్ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకున్న తీపి పానీయాలు అట్టపెట్టెల్లో అమ్ముడుపోయాయి. వాటిలో కొన్నింటిలో చక్కెర అసలు ఓఆర్ఎస్‌లో ఉండాల్సినదానికన్నా చాలా రెట్లు ఎక్కువ, సోడియం తక్కువ. చక్కెర ఎక్కువైతే నీరు ఎటు పోతుందో పైన చెప్పుకున్నాం. మామిడిపండు రుచిలో ఉందని బిడ్డ ఇష్టంగా తాగుతాడు, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద సుమారు ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం పాటించని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తెలుగు తల్లులందరూ ఆమెకు రుణపడి ఉన్నారు.

ఉత్తర్వు వచ్చినా చూసుకోవాల్సింది మనమే. కొనేటప్పుడు కవరు తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో, గ్లూకోజ్ లీటరుకు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉన్నాయో లేదో చదవండి. చిన్న ప్యాకెట్టయితే అందులో ఐదో వంతు ఉండాలి. చదవడం రానివాళ్లు షాపు అతన్ని అడగండి, చెప్పలేకపోతే ఆ షాపులో కొనకండి. వానాకాలం మొదలవకముందే ఇంట్లో రెండు లీటరు ప్యాకెట్లు, ఒక జింక్ బిళ్లల అట్ట, కొలత గీసిన ఒక లీటరు సీసా, ఒక టీ చెంచా పక్కన పెట్టుకోండి. ఏడాది దాటిన పిల్లలున్న ఇరుగుపొరుగు ఇళ్లలో కూడా ఇవి ఉన్నాయో లేదో ఓసారి కనుక్కోండి.